ఇంటికి పోకూడని గళ్ళు

నేను డ్రాయింగు మాస్టరుని. బడిలో నా విలువ ఏమిటంటే, ఎవరికి గీత కావాల్సి వచ్చినా "సీతారాం సార్" అంటారు, ఎవరికి మాట కావాల్సి వచ్చినా నన్ను తప్ప అందరినీ అడుగుతారు. కాబట్టి గళ్ళు గీయడం వరకే నా పని, గళ్ళలో ఏమి రాశారో నాకు సంబంధం లేదని మొదటే చెబుతున్నాను. జరిగిన రభసలో నా గీత ఒక్కటి కూడా వంకర పోలేదు.

మా బడి పాతబస్తీ జహనుమాలో, నవాబుల కాలపు ఒక పాత దేవిడీలో ఉండేది. గోడలు మూరెడు మందం, పైకప్పు వానకు కారేది, మధ్యలో మాత్రం షాబాద్ బండలు పరిచిన పెద్ద వాకిలి. చుట్టూ ఉర్దూ మాట్లాడే గల్లీలు, లోపల మా తెలుగు మీడియం. ఏడో తరగతికి జిల్లా అంతటికీ ఒకటే పరీక్ష పెట్టేవాళ్ళు. ప్రతి ఏడూ అందులో మా పిల్లలు సైన్సులోనే బోర్లా పడేవాళ్ళు. ఇంట్లో గుర్దా, కలేజా అనే పిల్లవాడు పరీక్షలో మూత్రపిండం, కాలేయం అని రాయాలి మరి. ఆ మాటలు నోరు తిరగక ముందే మార్చి నెల వచ్చి కూర్చునేది.

ఆ ఏడు తెనాలి వైపు నుంచి కమలకుమారి అని సైన్సు టీచరు బదిలీ మీద వచ్చింది. వయసు చిన్నది, ముక్కు మీద కోపం. అరవై తొమ్మిది లొల్లి చల్లారి ఏళ్ళు గడిచినా, కోస్తా వాళ్ళు వస్తే స్టాఫ్ రూములో కుర్చీలు కొంచెం పక్కకు జరిగేవి. ఆమె ఆ జరగడం చూసింది, చూసి తన కుర్చీ ఇంకొంచెం పక్కకు లాక్కుంది. ఆ పట్టుదల చూసి నాకు ముచ్చటా వేసింది, ఒళ్ళూ మండింది.

"మాస్టారూ, నాకు గళ్ళు గీసి పెట్టండి" అంది ఒకరోజు, సైక్లోస్టైలు కాపీలు తీసే స్టెన్సిల్ కాగితం నా బల్ల మీద పెట్టి.

శరీర వ్యవస్థల పాఠం మొత్తానికి ఆటలు తయారు చేసింది. ఒక పేజీలో అడ్డం నిలువు గళ్ళు, ఇంకో పేజీలో అక్షరాల గుంపులో దాక్కున్న పేర్లు వెతికి చుట్టు గీసే ఆట, అడుగున తారుమారు చేసిన మాటలు. 'లంజలాలా' అని రాసి ఉంది, లాలాజలం అని సరి చేయాలట. ఆ మాటను ఆ వరసలో ఏడో తరగతి మగపిల్లల చేతికి ఇవ్వొద్దని చెప్పాను. ఆమె ఎర్రబడి, 'జలంలాలా' అని మార్చుకుంది.

మైనపు స్టెన్సిల్ మీద గళ్ళు గీయడం ఎంత కష్టమో గీసినవాడికే తెలుసు. ఇనుప మొన గట్టిగా నొక్కితే కాగితం చిరుగుతుంది, మెల్లగా నొక్కితే సిరా దిగదు. గడికొక అక్షరం అని ఆమె చెప్పింది. కర్ణికకు మూడు గళ్ళు, 'ర్ణి' అంతా ఒకటే గడిలో. పిల్లలు ఆ 'ర్ణి'ని రెండు ముక్కలు చేసి రెండు గళ్ళలో పెడతారని అన్నాను. "పెట్టనివ్వండి, గడి మిగలకపోతే వాళ్ళే తెలుసుకుంటారు" అంది. అడ్డం మాట, నిలువు మాట ఒక గడిలో కలుస్తాయి కదా. ఒకటి తప్పు రాస్తే రెండోది కుదరదు, టీచరు పక్కన లేకపోయినా కాగితమే తప్పు చూపిస్తుంది. ఆ ఆలోచన నాకు నచ్చింది, కాని నచ్చిందని ఆమెకు చెప్పలేదు.

అంతటితో ఆగితే బాగుండేది. పిల్లలకు హుషారు రావాలని ఆమె ఇంకో పని చేసింది. సరైన జవాబుల కాగితాన్ని కవరులో పెట్టి, లక్క వేసి, హెడ్మాస్టరు వీరరాఘవరావు గారి బీరువాలో పెట్టించింది. శనివారం అందరి ముందూ కవరు విప్పుతానంది. అన్నీ సరిగ్గా రాసిన వాళ్ళకు జామెట్రీ బాక్సు ఇస్తానంది. ఆ రోజుల్లో వారపత్రికల్లో గళ్ళ పోటీలు అచ్చం ఇట్లాగే జరిగేవి. సీలు వేసిన జవాబు, ఫలానా తేదీ, బహుమతి. చిన్నప్పుడు ఆమె ఇంట్లో సరదాగా అందరూ నింపేవాళ్ళట. పాతబస్తీలో ఆ గళ్ళు ఎన్ని కొంపలు ముంచాయో తెనాలిలో ఎవరు చెబుతారు?

శనివారం కాగితాలు వచ్చాయి. ఆండాలు అనే పిల్ల ఒక్కతే నాలుగు కాగితాలు ఇచ్చింది. ఒకటి టీచరు ఇచ్చినది, మిగిలిన మూడూ కార్బను పెట్టి తీసిన చేతి గీతలు. ఆ చేతి గీతలు కూడా నీటుగా ఉన్నాయి, అది ఒప్పుకోవాలి.

"ఏంటిది?" అంది కమలకుమారి.

"నాలుగు రాసిన టీచర్" అంది ఆండాలు.

"నాలుగెందుకు?"

"ఏదో ఒకటి పడ్తది గద టీచర్."

కమలకుమారికి తాటాకు మంటలా లేచింది కోపం. చదివిన వాళ్ళు ఒకటే రాస్తారు, చదవని వాళ్ళే నాలుగు రాళ్ళు విసిరి ఏదో ఒకటి తగలాలని చూస్తారని తరగతి అంతా వినేలా అంది. ఇది దొంగ పని అంది. నాలుగు కాగితాల మీదా ఎర్ర సిరాతో సున్నాలు చుట్టి, పిల్లను గుమ్మం బయట నిలబెట్టింది. నేను పక్క గదిలో ఏనుగు బొమ్మ వేయిస్తున్నాను. తలుపులోంచి ఆ పిల్ల కనిపిస్తూనే ఉంది, ఏడవకుండా పళ్ళు బిగించి వాకిట్లో బండల వైపు చూస్తూ నిలబడింది.

కవరు విప్పితే మిగతా పిల్లల్లో ఒక్కరిది కూడా పూర్తిగా సరిపోలేదు. జామెట్రీ బాక్సు మళ్ళీ బీరువాలోకి పోయింది.

సోమవారం ప్రార్థన ఇంకా అవలేదు, గేటు దగ్గర గొడవ. ఆండాలు తల్లి చంద్రమ్మ వచ్చింది. చార్మినార్ దగ్గరి దుకాణాలకు లక్కగాజుల మీద రాళ్ళు అతికించి ఇచ్చే మనిషి, వేళ్ళ నిండా లక్క మరకలు. ఒక చేత్తో కూతురి రెట్ట పట్టుకుంది, ఇంకో చేతిలో ఎర్ర సున్నాల కాగితాలు.

"ఏది, గా గళ్ళ టీచరమ్మ ఏది?"

హెడ్మాస్టరు గారు పరువు పోతుందని అందరినీ తన గదిలోకి తోలారు. నన్ను కూడా పిలిచారు. గళ్ళు గీసింది నేనే కాబట్టి తప్పులో వాటా ఉంటుందని ఆయన లెక్క.

"నా బిడ్డకు టీసీ రాసియ్యుండ్రి సార్" అంది చంద్రమ్మ, కూర్చోకుండానే. "గీ బడి నాకొద్దు. రేపటి సంది గాజులకు రాళ్ళు అతుకుతది."

"ముందు విషయం చెప్పండి" అన్నారు హెడ్మాస్టరు గారు.

"విషయమా? గీ గళ్ళు నా ఇల్లు ముంచినయి. బస్సు డిపోల మెకానిక్కు నా పెనిమిటి, గుండయ్య. జీతం రాంగనే పోస్టాఫీసుకే పోయెటోడు. వారం వారం పైసలు గట్టి పేపరోళ్ళకు గళ్ళు నింపి పంపుడే. నా కాళ్ళ కడియాలు పాయె, బిందెలు పాయె. యాదగిరిగుట్ట మీద ఒట్టు పెట్టించిన. రెండేండ్ల సంది నా ఇంట్ల గళ్ళ కాగితం లేదు. గోడకు క్యాలెండరు గూడ తగిలియ్యలే. ఇప్పుడు మీరు నా బిడ్డ సంచిల పెట్టి పంపిన్రు! మొగుడు, బిడ్డ, ఇద్దరు కందిలి దీపం ముందట కూసోని కార్బను పెట్టి గీస్తున్నరు. నాకు పానం పోయినంత పనైంది."

"అది జూదం కాదమ్మా, పాఠం" అంది కమలకుమారి. గొంతు అప్పటికే పైకి లేచింది. "డబ్బు కట్టమన్నామా? నీ భర్త అలవాటుకు నా మీద అరిస్తే ఎట్లా? చదువు సంధ్య లేని వాళ్ళకు ఏది పాఠమో ఏది జూదమో..."

"సదువు లేదు, ఒప్పుకుంట. బహుమతి పెట్టిన్రా లేదా? లక్క సీలు ఏసిన్రా లేదా? గది జెప్పు."

హెడ్మాస్టరు గారు కమలకుమారి వైపు చూశారు. సీలు వేసింది ఆయన లక్కతోనే, ఆ సంగతి ఆయన ఎత్తలేదు.

"అయినా నీ కూతురికి ఇచ్చింది బహుమతి కాదు, సున్నా" అంది కమలకుమారి. "పాఠం రాదు, నాలుగు రకాలుగా రాసి మోసం చేసింది."

అప్పుడు ఆండాలు నోరు విప్పింది. శనివారం నుంచి బిగబట్టుకున్నదంతా ఒక్కసారి బయటికి వచ్చింది.

"నాకు పాఠం ఒస్తది టీచర్! నిలువు మూడుకి మీరేమిచ్చిన్రు? 'ఊపిరితిత్తుల దిక్కు గాలి పోయే గొట్టం' అని ఇచ్చిన్రు. నాలుగు గళ్ళు. అడ్డం నాలుక రాస్తే మూడో గడిల 'నా' ఒచ్చింది. వాయునాళం పట్టింది, శ్వాసనాళం గూడ పట్టింది. ఏది రాయాలె?"

ఆ పిల్ల తన గొంతు గుంట మీద వేలు పెట్టుకుంది. "గీడ ఉన్నది వాయునాళం." వేలు రొమ్ము మీదికి దించి రెండు వైపులా చీల్చి చూపించింది. "గీడ రెండైతది, కుడి దిక్కొకటి, ఎడమ దిక్కొకటి, అవి శ్వాసనాళాలు. రెండిట్ల గాలి పోతది. నేను తప్పు రాసిననా?"

కమలకుమారి చంద్రమ్మ చేతిలోంచి కాగితాలు తీసుకుంది.

"ఇంకోటి గూడ గంతే. 'సంచిలాంటిది, ఇందులోంచి చిన్నప్రేగులోకి పోతుంది' అని ఇచ్చిన్రు. శరీరంల 'శ' తోటి కలిసింది. జీర్ణాశయంల నుంచి అన్నం పోతది. పిత్తాశయంల నుంచి పైత్యరసం పోతది. రెండు గూడ నాలుగే గళ్ళు. గిదొకటి రెండు, గదొకటి రెండు, రెండు రెండ్ల నాలుగు. గట్ల రాయాలెనని బాపు జెప్పిండు."

కమలకుమారి నాలుగు కాగితాలనూ బల్ల మీద పరిచింది. జవాబుల కాగితం తెచ్చి పక్కన పెట్టింది. వేలితో గడి గడీ దాటుకుంటూ పోయింది. మిగతా గళ్ళన్నీ నాలుగింట్లోనూ ఒకటే, అన్నీ సరైనవే. ఆ రెండు చోట్లే తేడా. మూడో కాగితం జవాబుతో అక్షరం పొల్లుపోకుండా సరిపోయింది. ఆ రెండు గళ్ళ వరసల్లోనూ మొదటి అక్షరం మీదుగా పోయే మాట ఇంకొకటి లేదు, తేల్చడానికి. గళ్ళు గీసినప్పుడు నాకు ఇచ్చిన నమూనా అదే, నేను చెప్పాను కదా, నా పని గీత వరకే.

ఇంకెవరైనా అయితే "పొరబడ్డానమ్మా" అనేవారు. కమలకుమారి అట్లాంటి మనిషి కాదు. బీరువాలోంచి జామెట్రీ బాక్సు తీసి, బల్ల మీద ఠక్కుమని పెట్టింది.

"తీసుకో. నువ్వే ఫస్టు."

ఆండాలు ముఖం వెలిగింది. చేయి చాచింది. ఆ చేయి బాక్సును చేరకముందే చంద్రమ్మ దాన్ని అందుకుని నేలకేసి కొట్టింది. వృత్తలేఖిని ఒక మూలకు, కోణమానిని ఒక మూలకు పోయాయి.

"గెలిచింది అంటున్నరా?" అంది చంద్రమ్మ. "ఓడిపోతే ఏదో తిప్పలు పడి మానిపిస్త. గెలిచిందంటె ఎట్ల మానిపియ్యాలె? ఆయన గూడ ఒక్కపారి గెలిచిండు. గడియారం ఒచ్చింది. గా గడియారమే మా కొంప ముంచింది. నాకు గెలుపే ఒద్దు. టీసీ రాయుండ్రి!"

"పొగరు చూశారా?" అంది కమలకుమారి. "ఇవ్వండి సార్, ఇచ్చెయ్యండి. రాళ్ళు అతికించుకోనివ్వండి."

హెడ్మాస్టరు గారికి కావాల్సింది కూడా అదే. మార్చి పరీక్షలో తప్పేవాళ్ళలో ఒకరు తగ్గుతారని ఆయన ఆనందం. ఇప్పుడే అన్ని జవాబులూ చెప్పిన పిల్ల తప్పదు కదా అని ఆయనకు తట్టలేదు. "రేపు వచ్చి తీసుకుపోమ్మా" అన్నారు.

నాకు మంట ఆగలేదు. "సార్, ఏడో తరగతి మొత్తంల వాయునాళానికి, శ్వాసనాళానికి తేడా ఎర్కైన పిల్ల గిదొక్కతే. దీన్ని ఎల్లగొట్టి ఎవల్ని కూసోబెడ్తరు?" అన్నాను. డ్రాయింగు మాస్టరు సైన్సు మాట్లాడుతున్నాడని ఆయన నవ్వారు. నేను నేల మీద వృత్తలేఖినిని ఏరి జేబులో వేసుకుని బయటికి వచ్చాను.

వరండాలో ఆండాలు వెనకపడి నడుస్తోంది. "బాపు నాలుగు రాయమంటే ఎందుకు రాసినవ్? తెలిసింది ఒకటే రాయకపోయినవా?" అని అడిగాను.

"బాపు శానా దినాలకు నాతోటి కూసున్నడు సార్" అంది ఆ పిల్ల.

మర్నాడు మధ్యాహ్నం తిండి గంటలో నేను రెండో సెట్టుకు గళ్ళు గీస్తున్నాను. రక్తప్రసరణ, నాడీ వ్యవస్థ. ఎవరేమన్నా సరే రెండో సెట్టు ఆగదని కమలకుమారి పంతం పట్టింది, ఒక తల్లి అరిస్తే పాఠం ఆపుతానా అంది. పక్క బల్ల దగ్గర కూర్చుని ఆధారాలు రాస్తోంది. అప్పుడు ఖాకీ చొక్కా వేసుకున్న మనిషి వరండా ఎక్కాడు. చేతుల మీద గ్రీసు ఇంకా ఆరలేదు.

"సీతారాం సార్ మీరేనా? గళ్ళు గీసేది మీరేనట గద. నేను ఆండాలు బాపును, గుండయ్యను."

టీసీ మాట మాట్లాడటానికి వచ్చాడనుకున్నాను. "కూసో భాయ్. బిడ్డను బడి మానిపియ్యకుండ్రి" అన్నాను.

"బిడ్డ ముచ్చట ఆమె చూసుకుంటది సార్." అతను స్టెన్సిల్ మీదికి వంగాడు. కళ్ళలో ఏదో మెరుపు. "రెండోది గిదేనా? ఏ గడిల ఏది కలుస్తదో, జర ఒక్క అక్షరం జెప్పుండ్రి. ఒక్కటే. మిగిలింది నేను పట్టుకుంట."

"గిది బడి పిల్లల ఆట భాయ్. పైసల్ రావు, ఏం రావు."

"పైసల్ ముచ్చట గాదు సార్! నాలుగు రాస్తే పట్టింది గద. మూడోది పట్టింది గద! నా లెక్క కరెక్టే. ఇన్నేండ్లు ఇంట్ల, డిపోల అందరు నన్ను పిచ్చోడు అన్నరు. పిచ్చోని లెక్క ఎట్ల పట్టింది మరి?" జేబులోంచి మడతలు పడ్డ వారపత్రిక పేజీ తీసి నా ముందు పరిచాడు. కొత్త గళ్ళు, ఈ వారం గళ్ళు. "నిన్న కొన్న. డూటీకి పోలే. ఈపారి ఎనిమిది రాస్త."

కమలకుమారి కలం ఆగిపోయింది. అతను ఆమెను గమనించనే లేదు. ఆ మనిషికి స్టెన్సిల్ తప్ప ఏదీ కనిపించడం లేదు.

అదే సమయానికి చంద్రమ్మ టీసీ తీసుకుని హెడ్మాస్టరు గదిలోంచి బయటికి వచ్చింది, వెనుక ఆండాలు. మొగుణ్ణి చూసింది, బల్ల మీది పేజీని చూసింది. అరవలేదు. నిన్న అంత అరిచిన మనిషి గోడకు ఆనుకుని అట్లాగే నిలబడిపోయింది.

"చూసినవా టీచరమ్మా" అంది మెల్లగా. "నేను లొల్లి పెడ్తే పిచ్చిదాన్నయిన."

కమలకుమారి లేచి వచ్చింది. నా చేతి కింది స్టెన్సిల్ లాక్కుంది. పొద్దుటి నుంచి గీస్తున్నాను, ఇంకో రెండు గీతలైతే అయిపోయేది. దాన్ని గుండయ్య ముఖం ముందు పెట్టి నిలువునా చించింది, మళ్ళీ అడ్డంగా చించింది. మైనపు కాగితం చిరిగితే చప్పుడు రాదు. ముక్కలు నేల మీద పడ్డాయి.

"ఇక గళ్ళు లేవు. ఈ బడి నుంచి ఏ పిల్ల సంచిలోనూ గళ్ళ కాగితం రాదు. వెళ్ళండి, డ్యూటీకి వెళ్ళండి."

"గట్లెట్ల చింపుతరు టీచర్!" గుండయ్య కింద కూర్చుని ముక్కలు ఏరబోయాడు. ఆండాలు వచ్చి ఆ ముక్కల మీద కాలు పెట్టింది. తండ్రి తల ఎత్తి కూతురిని చూశాడు. కూతురు కాలు తీయలేదు. అతను లేచి, వారపత్రిక పేజీని మడిచి జేబులో పెట్టుకుని మెట్లు దిగి వెళ్ళాడు.

ఆండాలు అప్పుడు ఏడ్చింది. "అందరు నన్నే తిట్టిన్రు. టీచర్ దొంగ అన్నది. అమ్మ డబ్బ పగలగొట్టింది. నాకు జవాబులన్ని ఒచ్చినయి. నేనేం చేసిన?"



"ఆ టీసీ ఇటివ్వు" అంది కమలకుమారి చంద్రమ్మతో, చేయి చాచి. బతిమాలినట్టు లేదు, అప్పటికీ గద్దించినట్టే ఉంది.

"ఇయ్య." చంద్రమ్మ ఆ కాగితాన్ని నాలుగు మడతలు వేసి కొంగు చివర ముడి వేసుకుంది. "బిడ్డను పంపుత. కాని గిది నా తానే ఉంటది. నా ఇంట్ల ఒక్క గడి కనపడ్డ దినం దీన్ని బయటికి తీస్త. ఇంకో బడి గాదు, సీదా గాజుల భట్టీకే."

హెడ్మాస్టరు గారు ఇంకా రిజిస్టరులో పేరు కొట్టలేదు, కొట్టొద్దని నేను వెళ్ళి చెప్పాను. ఆయన గొణిగారు, కాని కొట్టలేదు.

కమలకుమారి మాట తప్పే మనిషి కాదు, ఆట మానే మనిషీ కాదు. రెండు రోజులు ముఖం ముడుచుకుని వాకిట్లోకి చూస్తూ కూర్చుంది. మూడో రోజు నన్ను పిలిచింది. "మాస్టారూ, ఆ బండలు చూశారా?"

చూడకేం, రోజూ నడిచేది వాటి మీదే. షాబాద్ బండలు, నలుచదరాలు, వరస వరసగా పరిచినవి. నాకంటే ముందే ఎవరో గీసిపెట్టిన గళ్ళు. మాటలు పడని బండల మీద బొగ్గుతో నలుపు పూసే పని నాకు పడింది, మొదటి అక్షరం ఉన్న బండ మూలన సుద్దతో అంకె వేసే పని కూడా. మోకాళ్ళు నొప్పి పుట్టాయి. డ్రాయింగు మాస్టరు నేల తుడిచేవాడు అయిపోయాడని అందరూ నవ్వారు.

ఏడో తరగతి పిల్లలు పలకల మీద అక్షరాలు రాసుకుని బండల మీద నిలబడేవాళ్ళు, బండకొకరు. కమలకుమారి మెట్టు మీద నిలబడి ఆధారం చదివేది. "గుండె నుంచి రక్తాన్ని తీసుకుపోయేది, అడ్డం, మూడు." ముగ్గురు పరుగెత్తేవాళ్ళు, ధ, మ, ని. నిలువు మాట వాళ్ళు వచ్చి 'మ' పలక పట్టుకున్న పిల్ల దగ్గర కలవాలి. ఆ 'మ' కుదరకపోతే అక్కడే కొట్లాట. గంట కొట్టగానే పలకలు తుడిచి, బండల మీద రెండు బిందెల నీళ్ళు కుమ్మరించేవాళ్ళు. ఇంటికి పోవడానికి ఏమీ మిగిలేది కాదు.

ఆండాలును మాత్రం కమలకుమారి బండల మీద నిలబెట్టలేదు. ముందు రోజే ఆధారాలన్నీ ఆ పిల్లకు చదివి వినిపించేది. "దీనికి ఇంకో జవాబు పడుతుందా?" అని అడిగేది. పడుతుందంటే ముఖం చిట్లించుకుని ఆధారం మార్చేది. గాలి గొట్టానికి 'గొంతు నుంచి దిగి రెండుగా చీలేది' అని మార్చింది. సంచికి 'పైత్యరసాన్ని నిల్వ ఉంచేది' అని ఒకటి, 'తిన్నదాన్ని చిలికేది' అని ఒకటి, రెండు వేరు వేరు ఆధారాలు చేసింది. 'పొరబడ్డాను' అనే మాట మాత్రం ఆ పిల్లతో ఎప్పుడూ అనలేదు. అడగడమే ఆమె క్షమాపణ అని నాకు తెలుసు, ఆండాలుకు తెలిసిందో లేదో.

చంద్రమ్మ రోజూ సాయంత్రం గేటు దగ్గరికి వచ్చేది. కమలకుమారిని పలకరించేది కాదు. కమలకుమారి కూడా ఆమె వైపు చూసేది కాదు. గుండయ్య డ్యూటీకి పోతున్నాడని, పోస్టాఫీసు వైపు కూడా పోతున్నాడని, రెండూ నాకు ఒకే మనిషి చెప్పాడు. కూతురు బయటికి రాగానే చంద్రమ్మ మొదట సంచి వెతికేది. పుస్తకాలు దులిపేది, నోటుబుక్కు పేజీలు తిప్పేది, అట్ట లోపల వేలు పెట్టి చూసేది. గేటు దగ్గర పిల్లలంతా చూస్తుండగానే. ఆండాలు తల వంచుకుని నిలబడేది.

ఒకరోజు నేను గేటు దగ్గరే ఉన్నాను. ఆ రోజు నాడీ వ్యవస్థ అయిపోయింది, మెదడు, వెన్నుపాము అన్నీ బండల మీద నిలబడి పోయాయి. సంచిలో ఏమీ దొరకలేదు.

"చేతులు చూపియ్యి" అంది చంద్రమ్మ.

ఆండాలు రెండు అరచేతులూ చాపింది. కుడి అరచేతిలో సుద్దతో గీసిన ఒక చిన్న గడి ఉంది, మధ్యలో 'నా' అని ఒకే అక్షరం. ఎందుకు గీసుకుందో నేను అడగలేదు.

చంద్రమ్మ ఆ గడిని చూసింది. నేను కొంగు ముడి వైపు చూశాను, టీసీ ఇంకా అందులోనే ఉంది. ఆమె వేళ్ళు ముడి మీదికి పోయాయి. ముడి విప్పలేదు. ముడి ఉన్న ఆ కొంగుతోనే కూతురి అరచేతిని గట్టిగా రుద్దింది, తెలుపు పోయి చర్మం ఎర్రబడేదాకా రుద్దింది.

"నొస్తున్నదమ్మా" అంది ఆండాలు.

"నొస్తది" అంది చంద్రమ్మ, ఆ చేయి వదలకుండా. "రేపు పొద్దుగాల లే. బడికి లేటయితది."